డివిడెండ్, బుల్ మార్కెట్, షార్ట్ సెల్లింగ్: ఈ మాటల వెనుక ఉన్న లెక్క ఏమిటి?

"కంపెనీ 200 శాతం డివిడెండ్ ప్రకటించింది" అన్న వార్త చదివిన కొత్త మదుపరి తన సొమ్ము ఒక్కసారిగా పెరగబోతోందని భావించడం సహజం. వాస్తవం వేరు. కంపెనీ తన లాభంలో కొంత భాగాన్ని వాటాదారులకు పంచడమే డివిడెండ్. ఆ శాతాన్ని షేరు మార్కెట్ ధరపై కాక, ముఖ విలువపై లెక్కిస్తారు. ముఖ విలువ రూ.2, మార్కెట్ ధర రూ.800 ఉన్న షేరుకు 200 శాతం డివిడెండ్ అంటే కేవలం రూ.4. వంద షేర్లకు రూ.80,000 వెచ్చించిన వ్యక్తికి దక్కేది రూ.400, అంటే అర శాతం. దానిపైనా ఆదాయపు పన్ను వర్తిస్తుంది.

డివిడెండ్ కావాలంటే 'ఎక్స్-డేట్'కు ముందు రోజుకల్లా షేరు కొనాలి. ఆ రోజున కొన్నవారికి అది రాదు కనుక షేరు ధర సాధారణంగా ఆ మేరకు తగ్గుతుంది. రూ.4 తగ్గుదల రోజువారీ హెచ్చుతగ్గులలో కలిసిపోవచ్చు, డివిడెండ్ రూ.40 అయితే తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల డివిడెండ్ కోసమే ముందు రోజు కొని, మర్నాడు అమ్మేవారికి మిగిలేది స్వల్పం.

ధరలు నెలల తరబడి పైకి సాగే దశను బుల్ మార్కెట్ అంటారు. కనిష్ఠ స్థాయి నుంచి 20 శాతం పెరిగితే ఆ దశ వచ్చినట్లు పరిగణించడం వాడుక. 2020 మార్చి 23న 26 వేల దిగువన ముగిసిన సెన్సెక్స్, 2021 జనవరిలో తొలిసారి 50 వేలు దాటింది. అయితే దశ మొదలైన రోజున దానిని ఎవరూ గుర్తించలేరు. 20 శాతం పెరిగాకే ఆ పేరు వస్తుంది.

షార్ట్ సెల్లింగ్ దీనికి ఎదురుబాట. ధర పడుతుందన్న అంచనాతో, చేతిలో లేని షేరును ముందు అమ్మి తర్వాత కొనడం. ఉదయం రూ.500 చొప్పున వంద షేర్లు అమ్మి, మధ్యాహ్నం రూ.480కి కొంటే ఖర్చులు పోను దాదాపు రూ.2,000 లాభం. ధర పెరిగితే మాత్రం నష్టానికి హద్దు ఉండదు. షేరు కొన్నవారు పోగొట్టుకోగలిగేది పెట్టిన సొమ్మునే. ధర ఎంతవరకు ఎగబాకుతుందో ఎవరూ చెప్పలేరు.

భారతదేశంలో సాధారణ మదుపరి నగదు విభాగంలో ఇలా అమ్మితే, షేర్లను విడిగా అరువు తీసుకోనంతవరకు, అదే రోజు తిరిగి కొనాలి. అసలు చిక్కు ఇక్కడే. షేరు ఆ రోజుకు అనుమతించిన గరిష్ఠ ధరను, అంటే 'అప్పర్ సర్క్యూట్'ను తాకితే అమ్మేవారు కనిపించకపోవచ్చు. కొనుగోలు ఆర్డరు అలాగే ఉండిపోతుంది, గడువు ముగుస్తుంది. అప్పుడు ఎక్స్ఛేంజీ ఆ షేర్లను వేలం ద్వారా సేకరించి కొనుగోలుదారుకు ఇస్తుంది. ఆ ధర ఎంత పలికినా, భారం అమ్మిన వ్యక్తిదే.