‘సులభంగా’ అనే ఒక్క మాట: డేటా చోరీ కబురు ఎలా చెప్పాలి?

2017 మే 18న జొమాటో సంస్థ తన వినియోగదారులకు ఒక చేదు వార్త చెప్పింది. దాదాపు 1 కోటి 70 లక్షల మంది ఖాతాల వివరాలు చోరీ అయ్యాయన్నది ఆ వార్త. గురుగ్రామ్ నుంచి నడిచే సంస్థ అది. ఢిల్లీ, నోయిడా, ఘాజియాబాద్ కలిసిన రాజధాని ప్రాంతమంతటా భోజనానికి ముందు చాలామంది తెరిచి చూసే యాప్. చోరీ బయటపడిన రోజే సంస్థ నోరు విప్పింది. ఏం పోయాయో పేరు పేరునా చెప్పింది: పేర్లు, ఈమెయిల్ చిరునామాలు, యూజర్ ఐడీలు, యూజర్‌నేములు, పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు. కార్డు వివరాలు వేరేచోట ఉంటాయనీ, అవి పోలేదనీ చెప్పింది. ప్రభావిత ఖాతాల పాస్‌వర్డ్‌లను తానే మార్చేసింది. ఆ రోజుల్లో మన దేశంలో ఇంత వేగంగా, ఇంత వివరంగా చెప్పిన సంస్థలు అరుదు.

అయితే ఆ ప్రకటన మొదటి రూపంలో ఒక వాక్యం గాడి తప్పింది. హ్యాష్ చేసిన పాస్‌వర్డ్‌ను తిరిగి మామూలు అక్షరాల్లోకి మార్చడం సాధ్యం కాదనీ, కాబట్టి అదే పాస్‌వర్డ్‌ను వేరేచోట వాడుతున్నవారికీ భయం లేదనీ దాని సారాంశం. భద్రతా నిపుణులు వెంటనే అభ్యంతరం చెప్పారు. కొద్దిసేపటికే వాక్యం మారింది. ‘మార్చలేరు’ పోయి ‘సులభంగా మార్చలేరు’ వచ్చింది. దాని వెంటే, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే తప్పకుండా మార్చుకోండి అన్న సలహా చేరింది. చూడడానికి చిన్న సవరణ. చదివినవాడు ఆ రాత్రి చేయాల్సిన పని మాత్రం తలకిందులైంది.

ఎందుకో తెలియాలంటే హ్యాష్ ఏమిటో కొంచెం చూడాలి. హ్యాష్ అంటే పాస్‌వర్డ్‌ను ఒక గణిత యంత్రంలో వేసి తీసిన ముద్ర లాంటిది. ఒకే పాస్‌వర్డ్ వేస్తే ఎప్పుడూ ఒకే ముద్ర వస్తుంది. ముద్ర నుంచి వెనక్కి నడిచి పాస్‌వర్డ్ తీయడం కుదరదు. ఇంతవరకు మొదటి వాక్యం నిజమే. కానీ దొంగకు వెనక్కి నడవాల్సిన అవసరమే లేదు. తోచిన పాస్‌వర్డ్‌లన్నీ అదే యంత్రంలో వేసుకుంటూ పోతాడు. ఏ ముద్ర తన దగ్గరున్న ముద్రతో సరిపోలితే అదే పాస్‌వర్డ్. జొమాటో నుంచి బయటకు పోయినవి ‘ఎండీ5’ అనే పాత పద్ధతిలో తీసిన ముద్రలు. ఈ పద్ధతి చాలా వేగంగా పనిచేస్తుంది, చిక్కంతా అదే. వీడియో గేముల కోసం అమ్మే ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వందల కోట్ల ఎండీ5 ముద్రలు తీయగలదు.

ఆరు చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో చేయగలిగే పాస్‌వర్డ్‌లు మొత్తం 31 కోట్లు కూడా దాటవు. అంటే రెప్పపాటు పని. మన దగ్గర చాలామంది గుర్తుంటుందని తమ మొబైల్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటారు. 6, 7, 8, 9లతో మొదలయ్యే పది అంకెల నంబర్లు 400 కోట్లు. అది కూడా కొన్ని సెకన్లే. ప్రతి పాస్‌వర్డ్‌కూ వేర్వేరుగా కాస్త అదనపు సమాచారం కలిపి ముద్ర తీసే ఏర్పాటును ‘సాల్ట్’ అంటారు. జొమాటో అది వాడింది. దానివల్ల ముందే తయారుచేసుకున్న ఒకే పట్టికతో అందరి పాస్‌వర్డ్‌లూ పట్టుకోవడం కుదరదు. ఒక్క మనిషిని ఎంచుకుని వెంటపడితే మాత్రం అది పెద్ద అడ్డంకి కాదు.

కాబట్టి ‘మార్చలేరు’ అని చదివి నిశ్చింతగా పడుకున్నవారే ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు. జొమాటో ఖాతా తాళం సంస్థే మార్చేసింది. అదే తాళంతో తెరుచుకునే ఈమెయిలు సంగతి ఎవరు చూడాలి?

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. చోరీ ఎలా జరిగిందో సంస్థ తర్వాత వివరంగా చెప్పింది. 2015లో ట్రిపుల్ జీరో వెబ్‌హోస్ట్ అనే వేరే సేవ నుంచి పాస్‌వర్డ్‌లు బయటికి పోయాయి. అక్కడ జొమాటో ఇంజనీరు ఒకరికి సొంత ఖాతా ఉంది. అదే ఈమెయిలు, అదే పాస్‌వర్డ్ ఆయన గిట్‌హబ్‌లోనూ వాడారు. ఆ దారిన లోపలికి వచ్చినవాడు సంస్థ ప్రోగ్రాములు చదివి, వాటిలో ఒక లోపం పట్టుకుని డేటా దాకా వెళ్లాడు. అంటే ఒకే పాస్‌వర్డ్‌ను రెండుచోట్ల వాడడమే ఈ మొత్తం కథకు మూలం. ఆ పని చేసినా పర్వాలేదన్నట్టు ధ్వనించిన వాక్యం సరిగ్గా అదే ప్రకటనలో ఉంది.

భరోసా ఇచ్చే తొందరలో రాసిన వాక్యం అది. దొంగతో మాట్లాడామనీ, డేటా ప్రతులు చెరిపేయడానికి ఒప్పుకున్నాడనీ చెప్పిన మాటకూ ఎక్కువ బలం లేకపోయింది. ఆ డేటా తర్వాత మళ్లీ ఆన్‌లైన్‌లో చేతులు మారింది. దొంగ ఇచ్చిన మాటను దొంగ ఇచ్చిన మాటగా చెప్పవచ్చు, ఖాతాదారులకు రక్షణగా మాత్రం చూపించకూడదు. కొద్ది గంటల తర్వాత సంస్థ చేసిన మరో పని బాగుంది. పోయిన డేటాలో పాస్‌వర్డ్ ముద్రలు నిజంగా ఉన్నవారు 66 లక్షల మందేనని తేల్చి, వారికి విడిగా రాస్తామని చెప్పింది. గూగుల్, ఫేస్‌బుక్‌ల ద్వారా లాగిన్ అయ్యేవారి పాస్‌వర్డ్ జొమాటో దగ్గర ఉండనే ఉండదు కదా. 1 కోటి 70 లక్షల మందిని ఒకే మాటతో కంగారు పెట్టే బదులు, ఎవరి ప్రమాదం ఏమిటో వారికి చెప్పడం ఇది.

కంగారు గురించి పరిశోధకులకు తెలిసిన విషయం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. భయం కలిగించే సందేశాలకు మనుషులు ఎలా స్పందిస్తారో వివరిస్తూ అమెరికా పరిశోధకురాలు కిమ్ విట్ 1992లో ఒక నమూనా ప్రతిపాదించారు. ప్రమాదం పెద్దదని తెలిసి, దాని విషయంలో తాను చేయగలిగిన పని కూడా కనిపిస్తే మనిషి ఆ పని చేస్తాడు. ప్రమాదం మాత్రమే కనిపించి దారి కనిపించకపోతే భయాన్నే వదిలించుకోవాలని చూస్తాడు. ‘ఏమీ కాదులే’ అని కొట్టిపారేస్తాడు, లేదా చెప్పినవారి మీద కోపం తెచ్చుకుంటాడు. అంటే నిజాన్ని పలచన చేసినంత మాత్రాన భయం తగ్గదు. నిజం పక్కనే చేయాల్సిన పనిని పెట్టాలి. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో వినియోగదారులకు అందిన ఇలాంటి 161 లేఖలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. చాలా లేఖలు చదవడానికి కష్టంగా ఉన్నాయి. ‘మీపై ప్రభావం పడి ఉండవచ్చు’ లాంటి జారుడు మాటలు ఎక్కువ. చేయాల్సిన పనులు బోలెడన్ని ఇచ్చి, ఏది ముందో చెప్పనివి ఎన్నో.

మన దేశంలో ఇది ఇప్పుడు చట్టం సంగతి కూడా. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. డేటా ఉల్లంఘన జరిగితే ప్రభావితులైన ప్రతి ఒక్కరికీ ఆలస్యం లేకుండా, క్లుప్తంగా, స్పష్టంగా, సాదా మాటల్లో చెప్పాలని నియమాలు అంటాయి. ఏం జరిగింది, మీకు ఏం కావచ్చు, మేం ఏం చేశాం, మీరు ఏం చేయాలి, ఎవరిని అడగాలి అన్నవన్నీ అందులో ఉండాలి. ఈ బాధ్యత అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. చెప్పకుండా దాచితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు ఆరు గంటల్లోగా తెలియజేయాలన్న ఆదేశం 2022 నుంచే ఉంది. అది సాంకేతిక నిపుణులకు వెళ్లే సమాచారం. దాన్నే కాపీ చేసి ఖాతాదారులకు పంపితే ఎవరికీ అర్థం కాదు.

ఈ నియమాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణ మీద పరీక్షిద్దాం. ఘాజియాబాద్ ఇందిరాపురంలో ఒక రక్తపరీక్షల కేంద్రం ఉందనుకోండి. 38,000 మంది రిపోర్టులున్న ఫోల్డర్ పొరపాటున మే 20 నుంచి ఇంటర్నెట్‌లో ఎవరైనా తెరవగలిగేలా ఉండిపోయింది. జూన్ 4న గమనించి మూసేశారు. ఎవరు ఏ ఫైలు తెరిచారో రాసిపెట్టే లాగ్‌లు మాత్రం మే 28 నుంచే ఉన్నాయి, అంతకు ముందువి చెరిగిపోయాయి. ఉన్న లాగ్‌ల ప్రకారం 9,400 మంది రిపోర్టులను ఎవరో డౌన్‌లోడ్ చేశారు.

‘9,400 మందిపై మాత్రమే ప్రభావం’ అని రాయాలనిపిస్తుంది. అది అబద్ధం అవుతుంది. లాగ్‌లు లేని ఎనిమిది రోజుల్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ‘38,000 మంది డేటా పోయి ఉండవచ్చు’ అన్నా సరికాదు. మే 28 తర్వాతే ఫోల్డర్‌లోకి చేరి, లాగ్‌లలో ఎక్కడా కనిపించని రిపోర్టులు 2,100 ఉన్నాయనుకుందాం. వాళ్లవి పోలేదని ధైర్యంగా చెప్పవచ్చు. మిగిలిన 26,500 మందికి చెప్పగలిగింది ఒకటే: ‘తీశారో లేదో మేం తేల్చలేకపోయాం, తీశారనుకునే జాగ్రత్తపడండి’. ఇలా మూడు రకాల మనుషులకు మూడు ఉత్తరాలు కావాలి. మొదటి రకం వారికి వెళ్లేది ఇలా ఉండవచ్చు:

“మీ రక్తపరీక్ష రిపోర్టును మా కేంద్రంతో సంబంధం లేని వారెవరో డౌన్‌లోడ్ చేశారు. అందులో మీ పేరు, వయసు, మొబైల్ నంబరు, పరీక్ష ఫలితాలు ఉన్నాయి. ఆధార్, బ్యాంకు వివరాలు అందులో లేవు. మే 20 నుంచి జూన్ 4 వరకు రిపోర్టుల ఫోల్డర్‌కు తాళం లేకుండా ఉండిపోయింది. అది మా పొరపాటు. ఇప్పుడు మూసేశాం. ఎవరు తీసుకున్నారో ఇంకా తెలియదు. మీ రిపోర్టు గురించి మాట్లాడుతూ ఎవరైనా డబ్బు గానీ ఓటీపీ గానీ అడిగితే ఫోన్ పెట్టేయండి. మీ ఫలితాలు చెప్పగలిగారు కదా అని నమ్మకండి. ఈ విషయమై మేము మీకు ఫోన్ చేయం, లింకు పంపం. సందేహముంటే మీ రిపోర్టు కవరు మీది నంబరుకు మీరే చేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.”

ఇందులో ‘భద్రతా సంఘటన’ లేదు, ‘అనధికార ప్రవేశం’ లేదు, ‘మీ గోప్యతకు మేం పెద్దపీట వేస్తాం’ అన్న పల్లవి అసలే లేదు. పాస్‌వర్డ్ మార్చుకోమన్న సలహా కూడా లేదు, ఎందుకంటే పోయినవాటిలో పాస్‌వర్డ్ లేదు. పనికిరాని పని ఒకటి చెబితే పనికొచ్చే పని దాని వెనక దాక్కుంటుంది. లింకు పెట్టకపోవడానికీ కారణం ఉంది. చోరీ వార్త బయటికి రాగానే అదే సంస్థ పేరుతో నకిలీ సందేశాలు మొదలవుతాయి. అసలు ఉత్తరంలో లింకు ఉంటే నకిలీని పట్టుకునే గుర్తు మనమే చెరిపేసినట్టు. ఘాజియాబాద్‌లో ఈ కబురు హిందీలో వెళ్లాలి. గుంటూరులోనో వరంగల్‌లోనో అయితే తెలుగులో, పరీక్ష చేయించుకోవడానికి వచ్చే పెద్దావిడ ఒక్కసారి చదివితే అర్థమయ్యేలా ఉండాలి.

పంపే ముందు ఒక లెక్క వేసుకోవాలి. 9,400 మందిలో నూటికి ఐదుగురు ఫోన్ చేస్తారనుకుంటే 470 ఫోన్లు. ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు పట్టినా, ఇద్దరు ఉద్యోగులు గంటకు 24 మందితో మాట్లాడగలరు. అంటే దాదాపు 20 గంటలు, ఈలోపు ఎంగేజ్ శబ్దం విన్నవాళ్లు కేంద్రం గుమ్మం ముందుకు వస్తారు. ఎనిమిది మందిని కూర్చోబెడితే పని ఐదు గంటల్లో తేలుతుంది. ఆ ఎనిమిది మందికీ ఒకే కాగితం ఇవ్వాలి. దాని మీద మూడు రకాల ఉత్తరాలు, తెలిసినవి, తెలియనివి విడివిడిగా ఉండాలి. ఉత్తరాలు ఉదయం తొమ్మిదికి బయలుదేరాలి, రాత్రి తొమ్మిదికి కాదు.