తేనెటీగలపై మూడు పరిశోధనలు, ఒక్క ప్రశ్న

తేనెటీగల వంటి పరాగ సంపర్క కీటకాలు ఎందుకు తగ్గిపోతున్నాయన్న అంశంపై విద్యార్థులు రాసే లిటరేచర్ రివ్యూలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ‘ఫలానావారు 2012లో ఇలా తేల్చారు, ఫలానావారు 2015లో అలా తేల్చారు’ అంటూ పేరాకొక పరిశోధన చొప్పున సాగిపోతాయి. ఎవరేం చేశారో తెలుస్తుంది. తేనెటీగలకు ఏమవుతోందో మాత్రం తెలియదు.

నియోనికోటినాయిడ్ పురుగుమందుల సంగతే తీసుకుందాం. మన పత్తి రైతులకు విత్తనశుద్ధి మందుగా తెలిసిన ఇమిడాక్లోప్రిడ్ ఈ కుటుంబంలోదే. విత్తనానికి పట్టించిన మందు మొక్కతో పాటు పైకి ఎక్కి, పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరుతుంది.

2012లో ఫ్రాన్స్‌లో మికాయెల్ హెన్రీ బృందం తేనెటీగలకు థయామెథాక్సామ్‌ను చంపనంత తక్కువ మోతాదులో తినిపించి, వీపుకు చిన్న చిప్ అంటించి, దూరంగా వదిలింది. మందు తినని ఈగలతో పోలిస్తే వాటిలో ఎక్కువ ఈగలు గూటికి తిరిగి రాలేదు. 2015లో స్వీడన్‌లో మాయ్ రుండ్‌లెఫ్ బృందం ఆవ జాతి నూనెగింజ పంటలో 8 జతల పొలాలు ఎంచుకుంది. ప్రతి జతలో ఒక పొలానికి క్లోథియానిడిన్ పట్టించిన విత్తనం వేశారు. మందు వేసిన పొలాల్లో అడవి తేనెటీగలు తగ్గాయి, బంబుల్ బీల గూళ్లు సరిగా ఎదగలేదు. పెంపుడు తేనెటీగల పెట్టెల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2017లో బెన్ వుడ్‌కాక్ బృందం ఇలాంటి ప్రయోగాన్ని మూడు దేశాల్లో చేసింది. హంగరీలో మరుసటి వసంతానికి పెంపుడు పెట్టెల్లో ఈగలు తగ్గాయి. జర్మనీలో అలాంటి నష్టం కనబడలేదు.

వరసగా పేర్చితే ఇవి పోట్లాడుకుంటున్నట్టే ఉంటాయి. అప్పుడే ‘ఈ విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి’ అన్న వాక్యం వస్తుంది. నా దృష్టిలో రివ్యూలో అంతకంటే పనికిమాలిన వాక్యం లేదు. ఎందుకు భిన్నంగా వచ్చాయో చెప్పడమే రివ్యూ రాసేవారి పని.

అందుకు ముందుగా ఒక పట్టిక గీయాలి. అడ్డవరసలో ఒక్కో పరిశోధన ఉంటుంది. నిలువు గడుల్లో ఏ జాతి ఈగ, కొలిచింది ఒక్క ఈగనా మొత్తం గూటినా, మందు తినిపించారా పొలంలో తగిలిందా, చుట్టూ ఇంకేం పూలున్నాయి, డబ్బు ఎవరిచ్చారు అన్నవి రాయాలి. వుడ్‌కాక్ ప్రయోగానికి కొంత సొమ్ము బేయర్, సింజెంటా కంపెనీలే ఇచ్చాయి. పట్టిక నింపేటప్పుడు అడ్డంగా వెళ్తాం, రాసేటప్పుడు నిలువుగా చదవాలి.

‘ఏ జాతి ఈగ’ అన్న గడిని పైనుంచి కిందికి చదివితే చిక్కుముడి విడిపోవడం మొదలవుతుంది. పెంపుడు తేనెటీగల పట్టులో వేలకొద్దీ ఈగలుంటాయి. కొన్ని దారి తప్పినా మిగతావి ఆ లోటు పూడ్చగలవు. బంబుల్ బీ గూటిలో ఉండేవి వందల్లోనే. ఒంటరి తేనెటీగకైతే గూడు కట్టేదీ మేత తెచ్చేదీ ఆ ఒక్క తల్లే, అది తప్పిపోతే ఆ గూటి పని ఆగిపోయినట్టే. స్వీడన్‌లో మందు లేని 8 పొలాల్లో 6 చోట్ల ఒంటరి ఈగలు గూళ్లు కట్టాయి, మందు వేసిన పొలాల్లో ఒక్కచోటా కట్టలేదు. కాబట్టి ఒక్కొక్క ఈగను కొలిచిన హెన్రీ ఫలితానికీ, మొత్తం పెట్టెను కొలిచిన రుండ్‌లెఫ్ ఫలితానికీ వైరం లేకపోవచ్చు.

ఇప్పుడు పేరా ఇలా మొదలవుతుంది: ‘మందు వల్ల కలిగే హాని గూటి పరిమాణాన్ని బట్టి మారుతున్నట్టుంది. ఒక్కొక్క ఈగకు తగిలే దెబ్బ పెద్ద పట్టులో మరుగున పడుతుంది, చిన్న గూటిలో బయటపడుతుంది.’ పరిశోధకుల పేర్లు ఆ తర్వాత, సాక్ష్యాలుగా వస్తాయి. పేరా మొదటి వాక్యానికి కర్త ఎవరో చూడండి. మనిషి పేరైతే జాబితా రాస్తున్నట్టు, తేనెటీగ గురించిన మాటైతే సమన్వయం మొదలైనట్టు.

క్రియల దగ్గర జాగ్రత్త అవసరం. స్వీడన్ పెట్టెల్లో తేడా ‘కనబడలేదు’ అనాలి, ‘లేదు’ అనకూడదు. 8 జతల పొలాలతో చిన్న తేడాలు పట్టుబడవు. జర్మనీ ఈగలు ఆరోగ్యంగా ఉండటం, ఈ పంట పుప్పొడిని తక్కువగా తినడం కారణం కావచ్చని వుడ్‌కాక్ బృందం సూచించింది. అది సూచనే, రుజువు కాదు.

ఈ మూడూ యూరప్ ఈగల మీద జరిగినవే. చెట్టుకొమ్మలకు, కొండ చరియలకు బాహాటంగా పట్టు పెట్టే మన కొండ తేనెటీగను పెట్టెలో పెట్టి పొలం పక్కకు చేర్చలేం, అందుకే అలాంటి ప్రయోగం ఇక్కడ కష్టం. దాని పట్టు కూడా పెద్దదే కనుక దెబ్బ మరుగున పడవచ్చని ఎవరైనా రాయదలిస్తే, దాన్ని ఇంకా పరీక్షించాల్సిన ఊహగానే రాయాలి.