సూపర్‌వైజరుకు చెబితే ఫిర్యాదు చేసినట్టేనా?

పాతపట్నంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో మీరు ఏజెన్సీ తరఫున స్వీపరుగా చేస్తున్నారనుకోండి. అక్కడి పర్మినెంట్ ఉద్యోగి మీతో అసభ్యంగా మాట్లాడాడు. మీరు సూపర్‌వైజరుకు చెబితే, కాంట్రాక్టు పోతుందేమోనని మిమ్మల్నే వేరేచోటికి మార్చవచ్చు. ఆ ఉద్యోగిపై చర్య తీసుకునే అధికారం కాంట్రాక్టరుకు లేదు.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారూ ఉద్యోగులే. కాబట్టి ఆ కార్యాలయ అంతర్గత కమిటీకి 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సిబ్బంది 10 మంది కంటే తక్కువై కమిటీ లేకపోతే, జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. మీ కాపీపై తేదీతో సంతకం తీసుకోండి. మీరు రాసి అడిగితే, విచారణ ముగిసేదాకా అవతలి వ్యక్తిని బదిలీ చేయమని కమిటీ సిఫారసు చేయవచ్చు.

మామూలు తిట్లు ఈ చట్టం కిందికి రావు. అందరి ముందు కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీలు నేరుగా పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.