పక్కింటి కారుకు గీత పెట్టినప్పుడు

సెల్లార్‌లో బండి వెనక్కి తీస్తూ పక్క ఫ్లాట్‌వాళ్ల కారుకు గీత పెడితే, వైపర్ కింద చీటీ ఉంచి వెళ్లిపోకండి. తలుపు తట్టి చెప్పి, ఉత్తరం చేతికివ్వండి.

“నమస్కారమండీ. ఈ ఉదయం ఎనిమిదింటికి నా కారు మీ కారు వెనక ఎడమ తలుపుకు రాసుకుంది. తప్పు నాదే, క్షమించండి. మీకు నమ్మకమున్న షెడ్డులో చూపించండి. బిల్లు నేనే కడతాను. ఇన్సూరెన్స్‌లో వెళ్తామన్నా నాకు అభ్యంతరం లేదు.”

ఆ చివరి వాక్యం తప్పక ఉండాలి, ఎందుకంటే నిర్ణయం వారిది. అయితే సొంత పాలసీపై క్లెయిమ్ చేస్తే వారి నో క్లెయిమ్ బోనస్ పోతుంది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేనివారికి అది సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం రాయితీ. చిన్న గీతకు అంత పోగొట్టుకోవడం అన్యాయం.

ఉత్తరంలో మొత్తం మాత్రం రాయకండి. గీత మీద గోరు జారిపోతే సాధారణంగా పాలిష్‌తో పోతుంది. గోరు తగులుకుని లోపలి ప్రైమర్ కనిపిస్తే, రంగు కలవడానికి తలుపంతా పెయింట్ వేయాల్సి రావచ్చు. అందుకే ముందు ఎస్టిమేట్, తర్వాతే అంకె. డబ్బు షెడ్డుకే కట్టి, ఈ గీత విషయం పరిష్కారమైందని ఇద్దరూ సంతకం చేసిన కాగితం దాచుకోండి.