తేడా 27 వేలు

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించాలని కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో నిర్ణయించింది. 63 వేల సంఘాలకు 2,516 కోట్ల రూపాయల అంచనా. కంప్యూటర్లు కొనడం ఇందులో తేలిక పని. దశాబ్దాలుగా లెడ్జర్లలో ఉన్న రైతుల అప్పులు, వాటా ధనం ఒక్క రూపాయి తేడా లేకుండా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాయని తేల్చుకోవడమే అసలు తలనొప్పి. దీన్నే డేటా మైగ్రేషన్ వాలిడేషన్ అంటారు. అది ఎలా జరుగుతుందో చూడటానికి ఒక సంఘాన్ని ఊహించుకుందాం. సభ్యులు 1,842 మంది, లెక్క కట్టే తేదీ మార్చి 31.

ముందుగా లెడ్జర్‌లోని వివరాలను ఎక్సెల్‌లోకి కొడతారు. తిప్పలు అక్కడే మొదలు. సర్వే నంబరు 12/3 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని 12-Mar చేసేస్తుంది. పొలం కాస్తా క్యాలెండర్‌లోకి పోతుంది! అందుకే శుద్ధి నియమాలను పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోవాలి. సర్వే నంబరు గడిని ముందే టెక్స్ట్‌గా మార్చాలి. పుట్టిన తేదీ లేకపోతే ఖాళీగానే వదలాలి, 01-01-1900 అని నింపకూడదు. ఇక పేర్ల సంగతి. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే వాళ్లు ఇద్దరా, ఒకరేనా? పేరు, తండ్రి పేరు, ఊరు, ఆధార్ నాలుగూ కలిస్తేనే ఒకరుగా చూడాలి. ఏ ఒక్కటి కలవకపోయినా ఆ పేరును పక్కన పెట్టి సెక్రటరీని అడగాలి. కంప్యూటర్ కుర్రాడు తనంతట తాను తేల్చకూడదు.

డేటా ఎక్కించాక సాఫ్ట్‌వేర్‌లో 1,791 మందే కనిపించారనుకోండి. గాభరా పడక్కర్లేదు. రెండుసార్లు నమోదై ఒకటిగా కలిపేసినవి 38, వివరాలు చాలక ఆగిపోయినవి 13. మూడూ కూడితే 1,842. ప్రతి సంఖ్య వెనుకా పేర్ల జాబితా ఉండాలి, ‘సుమారుగా సరిపోయింది’ అనే మాట ఇక్కడ చెల్లదు. ఒకటి గుర్తుంచుకోవాలి. పేర్లు కలిపినప్పుడు అప్పులు కూడా కలుస్తాయి. సభ్యుల సంఖ్య తగ్గొచ్చు గానీ రూపాయి తగ్గకూడదు.

ఆ రూపాయి దగ్గరే చిక్కొచ్చింది. జనరల్ లెడ్జర్ ప్రకారం మార్చి 31 నాటికి పంట రుణాల బాకీ 4,12,35,000. సాఫ్ట్‌వేర్‌లో, ఆగిపోయిన 13 మంది బాకీని కూడా కలిపితే, 4,12,08,000. తేడా 27 వేలు.

పాత తరం గుమాస్తాలైతే ముందు ఆ తేడాను తొమ్మిదితో భాగిస్తారు. నిశ్శేషంగా పోతే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని అనుమానం. 27,000ను తొమ్మిదితో భాగిస్తే 3,000. అంటే పది వేల స్థానంలోనూ వేల స్థానంలోనూ మూడు తేడా ఉన్న అంకెలు చోటు మార్చుకుని ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో తక్కువ చూపిస్తోంది కాబట్టి 14, 25, 36, 47, 58 వేలలాంటి బాకీలను ముందు వెతకాలి. వందల ఖాతాల్లో అలాంటివి ఏ పదో పదిహేనో ఉంటాయి. వాటిని లెడ్జర్‌తో పోల్చితే దొరికింది: 85,000 కొట్టాల్సిన చోట 58,000 పడింది. ఎక్సెల్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఎన్నిసార్లు పోల్చినా ఇది దొరికేది కాదు, ఎందుకంటే తప్పు ఎక్సెల్‌లోనే ఉంది. అందుకే మొత్తాన్ని జనరల్ లెడ్జర్‌తోనే సరిచూడాలి.

దిద్దాక తేడా సున్నా. పని అయిపోయినట్టేనా? కాదు. ఆ ఇద్దరు వెంకటేశ్వర్లలో ఒకరి 40 వేల బాకీ రెండోవారికి, ఆయన లక్షా పది వేలు ఈయనకు పడి ఉంటే? సంఖ్యా సరిపోతుంది, మొత్తమూ సరిపోతుంది, తొమ్మిదితో భాగించడానికి తేడాయే ఉండదు. దీన్ని పట్టుకోగలిగింది మనిషి ఒక్కడే. ప్రతి కొత్త ఖాతాకూ పాత లెడ్జర్ పేజీ నంబరు వెంట ఉండాలి. పెద్ద బాకీలన్నీ, ఒకే పేరున్న వాళ్లందరివీ, మిగతా వాళ్లలో చీటీ తీసి ఎంచిన కొందరివీ సెక్రటరీ లెడ్జర్ తెరిచి చూడాలి. ‘ఈయనకు అర ఎకరమే కదా, లక్షా పది వేలు ఎలా ఇచ్చాం?’ అని ఆయనకు తట్టిన అనుమానం ఏ సాఫ్ట్‌వేర్‌కూ తట్టదు.

అంతా అయ్యాక సంతకం. ‘సరిచూశాను’ అన్న ఒక్క ముక్క కింద సంతకం పెట్టించుకోవడం చాలాచోట్ల చూస్తాం. నా దృష్టిలో అది సంతకమే కాదు. ఆ కాగితం మీద లెక్క తేదీ, ఎక్కించిన ఫైలు పేరు, సభ్యుల సంఖ్య, బాకీ మొత్తం, తాను స్వయంగా చూసిన ఖాతాల నంబర్లు ఉండాలి. మన సంఘంలో ఆ కాగితం చివరి వరస ఇలా ఉంటుంది: ‘జతపరిచిన జాబితాలోని 13 మంది మినహా. వీరి వివరాలు సెక్రటరీ ఏప్రిల్ 30లోగా తెప్పించాలి. అప్పటిదాకా వీరి లావాదేవీలు పాత లెడ్జర్‌లోనే.’