గుడ్డు మెత్తగా, పులుసు లోపలిదాకా

కోడిగుడ్డు పులుసు మీద తినేవాళ్లు చెప్పే వంకలు ప్రధానంగా రెండు. గుడ్డు పంటి కింద గట్టిగా సాగుతోందనేది ఒకటి. పులుసు బాగానే ఉన్నా గుడ్డు మాత్రం చప్పగా ఉందనేది రెండోది. చిక్కేమిటంటే, రెండోదాన్ని సరిచేద్దామని గుడ్లను పులుసులో ఇంకో పావుగంట మరిగిస్తే మొదటిది ఇంకా ముదురుతుంది. రుచి పట్టించడానికి మంట పెంచేవాళ్లే ఎక్కువ. నిజానికి గుడ్డుకు రుచి పట్టించేది మంట కాదు, గాటు పెట్టిన చాకూ పులుసులో నానే సమయమూ.

గుడ్డు ఎందుకు గట్టిపడుతుందో ముందు చూడాలి. తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీరే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మాంసకృత్తులు. వేడి 60 డిగ్రీలు దాటాక ఇవి ఒకదానికొకటి అల్లుకుని, ఆ అల్లికలో నీటిని పట్టి ఉంచుతాయి. 80 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా తెల్లసొన పూర్తిగా గట్టిపడుతుంది. పచ్చసొనకు 70 డిగ్రీలు చాలు. మరి తెర్లే నీళ్లు 100 డిగ్రీలు. అంటే గుడ్డుకు కావలసినదానికన్నా ఎక్కువ వేడి ఎప్పుడూ చుట్టూ ఉంటుంది. ఆ వేడిలో గుడ్డు ఎక్కువసేపు ఉంటే అల్లిక బిగుసుకుపోయి, తడిబట్టను పిండినట్టు నీళ్లను బయటికి తోసేస్తుంది. తెల్లసొన గట్టిపడి, పచ్చసొన పొడిపొడిగా రాలుతుంది.

అలా అయిందో లేదో గుడ్డును నిలువునా కోస్తే తెలిసిపోతుంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చగానో బూడిద రంగులోనో వలయం కనిపిస్తే గుడ్డు ఎక్కువ ఉడికినట్టు. తెల్లసొన వేడెక్కినప్పుడు అందులోంచి గంధకం వాయువు పుడుతుంది. అది పచ్చసొనలోని ఇనుముతో కలిస్తే ఆ రంగు వస్తుంది. తింటే హానేమీ లేదు గానీ, ఆ గుడ్డును పులుసులో వేసి మెత్తబరచడం మాత్రం సాధ్యం కాదు.

అందుకే ఉడికించేటప్పుడే జాగ్రత్త పడాలి. చన్నీళ్లలో గుడ్లు వేసి పొయ్యి మీద పెడితే నీళ్లు కాగడానికి ఎంతసేపు పడుతుందో గిన్నెను బట్టి, మంటను బట్టి మారుతుంది. లెక్క కుదరదు. నీళ్లు తెర్లాక గుడ్లను గరిటెతో ఒక్కొక్కటిగా దించి, మంట తగ్గించి, సన్నగా ఉడుకుతుండగా తొమ్మిది, పది నిమిషాలు ఉంచితే మామూలు సైజు గుడ్డుకు సరిపోతుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవైతే ఒక నిమిషం అదనం. పెద్ద మంట మీద గుడ్లు ఎగిరెగిరి ఒకదానికొకటి తగిలి పగులుతాయి. పైగా తెల్లసొన అంచులు ముందే ముదురుతాయి.

దించగానే వేడినీళ్లు ఒంపేసి చన్నీళ్లు పోయాలి, అవి గోరువెచ్చనయ్యాక మళ్లీ మార్చాలి. ఇది చాలామంది వదిలేసే పని. పొయ్యి ఆపినా గుడ్డు లోపలి వేడి దాన్ని ఉడికిస్తూనే ఉంటుంది, ఆకుపచ్చ వలయం చాలాసార్లు అప్పుడే ఏర్పడుతుంది. పెంకు సులువుగా రావడానికీ ఇలా చేయడం మంచిదే. మరీ తాజా గుడ్డుకు లోపలి పొర తెల్లసొనను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే వారం రోజుల కిందటి గుడ్లు నున్నగా వలుస్తాయి. తెర్లే నీళ్లలో వేసిన గుడ్లకూ ఈ గుణం ఉంటుంది. వలవడం గుడ్డు మొద్దు వైపు నుంచి మొదలుపెడితే, అక్కడున్న గాలి గది దగ్గర పొర తేలిగ్గా దొరుకుతుంది.

ఇక పులుసు పట్టించడం. ఉడికిన తెల్లసొన మనం అనుకున్నంత సులువుగా పులుసును పీల్చుకోదు. ఉప్పూ పులుపూ దానిలోకి మెల్లగా పాకుతాయి. జపాన్‌లో రామెన్ నూడుల్స్‌లో వేసే గుడ్డును సోయా సాస్‌లో రాత్రంతా నానబెట్టినా గోధుమ రంగు పైపై పొరలోనే ఆగుతుంది. అలాంటప్పుడు పది నిమిషాలు మరిగిస్తే లోపలిదాకా పడుతుందనుకోవడం వృథా. పులుసు వెళ్లే దారి మనమే చెయ్యాలి. గుడ్డుకు నిలువుగా నాలుగు గాట్లు పెట్టాలి, పచ్చసొన తగలకుండా. తగిలితే అది పులుసులో కరిగి పులుసు మసకబారుతుంది. కొందరికి ఆ చిక్కదనమే ఇష్టం, అది వేరే సంగతి.

గుడ్లను నూనెలో వేయించడం చాలా ఇళ్లలో అలవాటు. ముడతలు పడ్డ పైపొరకు పులుసు బాగా అంటుకుంటుంది కాబట్టి మంచి అలవాటే. కానీ ఎర్రగా అయ్యేదాకా వేయిస్తే ఆ పొర తోలులా తయారవుతుంది. ముళ్ల చెంచాతో రెండు మూడు చోట్ల పొడిచి (లేకపోతే లోపలి ఆవిరికి గుడ్డు పేలి నూనె చిందుతుంది), రెండు చెంచాల నూనెలో చిటికెడు పసుపు, కాస్త కారం వేసి నిమిషం, నిమిషంన్నర దొర్లిస్తే చాలు. గాట్లు వేయించిన తర్వాతే పెట్టాలి. ముందే పెడితే గాటు అంచులు నూనెలో గట్టిపడతాయి, పులుసు చేరాల్సిన మెత్తటి చోటే మూసుకుపోతుంది.

ఆరు గుడ్లకు పులుసు ఇలా కుదురుతుంది. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి రసం తీసుకోవాలి. నాలుగు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, నాలుగు మెంతులు, కరివేపాకు, ఎండుమిర్చి పోపు వేసి, సన్నగా తరిగిన మూడు ఉల్లిపాయలు, చీరిన పచ్చిమిర్చి బంగారు రంగు వచ్చేదాకా మగ్గించాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి, ఉప్పు వేసి తిప్పి, చింతపండు రసమూ రెండు గ్లాసుల నీళ్లూ పోయాలి. చిన్న బెల్లం ముక్క పులుపును సర్దుతుంది. ఇది గుడ్లు లేకుండానే పావుగంట మరగాలి. చింతపండు పచ్చివాసన పోయి, నూనె పైకి తేలితే పులుసు తయారైనట్టు. ఇప్పుడు రుచి చూసి ఉప్పు, కారం నాలుకకు ఒక పిసరు ఎక్కువే అనిపించేలా సరిచూడాలి, చప్పటి గుడ్లు వాటిని తగ్గిస్తాయి.

పులుసు ఇంకా కాస్త పలుచగా ఉండగానే గుడ్లు వేయాలి. పలుచటి పులుసు గాట్లలోకి జారుతుంది, చిక్కటిది గుడ్డు పైనే ఆగిపోతుంది. నువ్వులో పల్లీలో నూరిపోసే మసాలా కూరల్లో ఇది మరీ ముఖ్యం. సన్నని మంట మీద ఐదు నిమిషాలు ఉంచి, కొత్తిమీర చల్లి, పొయ్యి ఆపి మూత పెట్టేయాలి. ఆ తర్వాత అరగంట దాన్ని కదపకుండా ఉంచాలి. పులుసు మెల్లగా చల్లారుతూ చిక్కబడుతుంది, ఉప్పూ పులుపూ గాట్ల వెంట లోపలికి చేరతాయి, వేడి తగ్గుతున్నందువల్ల గుడ్డు ముదరదు. మధ్యలో ఒకసారి గుడ్లను తిరగేస్తే రెండు వైపులా సమానంగా పడుతుంది.

మర్నాటి పులుసే బాగుంటుందని చాలామంది అనడానికి కారణం కూడా ఈ నానడమే. అయితే ఉడికిన గుడ్డును గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఆలోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. తిరిగి వేడి చేసేటప్పుడు గుడ్లను పళ్లెంలోకి తీసి, పులుసును మాత్రమే బాగా మరిగించి, గుడ్లను మళ్లీ వేసి మూత పెట్టి, లోపలిదాకా వేడెక్కగానే పొయ్యి ఆపేయండి.