కె.వి.వి.ఎస్. ప్రసాద్ పూర్తి పేరేమిటి?

పి.వి. అంటే పాములపర్తి వెంకట. మొదటి అక్షరం ఇంటిపేరు, రెండోది పెట్టిన పేరులో భాగం. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పేరులో మాత్రం రెండు అక్షరాలూ కలిసి ఒక్క ఇంటిపేరే: శ్రీపతి పండితారాధ్యుల. పొరుగున తమిళనాడుకు వెళ్తే లెక్క మళ్లీ మారుతుంది. ఆర్.కె. నారాయణ్ పేరులో 'ఆర్' రాసిపురం అనే ఊరు, 'కె' కృష్ణస్వామి అనే తండ్రి పేరు. చూడ్డానికి మూడూ ఒకలాగే ఉన్నా అక్షరాల వెనకున్నవి వేరు. ఇనీషియల్స్ చూసి పూర్తి పేరు చెప్పడం బయటివాళ్ల వల్ల కాదు. ఆ ఇంటివాళ్లే చెప్పాలి, లేదా ఏదో ఒక కాగితం చెప్పాలి. ఇల్లూ కాగితమూ చెరొక మాట చెప్పినప్పుడే ఇబ్బందంతా.

అమలాపురం వైపు ఒక కుర్రాడున్నాడనుకుందాం. ఊళ్లో అందరికీ ప్రసాద్. పదో తరగతి మెమోలో కె.వి.వి.ఎస్. ప్రసాద్. గోదావరి జిల్లాల్లో ఈ 'వి.వి.ఎస్.' ఎక్కడిదో చెప్పక్కర్లేదు. అన్నవరం కొండ మీది స్వామి పేరు వీర వెంకట సత్యనారాయణ. ఆ మొక్కుతో పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం అక్కడి ఇళ్లలో మామూలే. నాన్నమ్మ దృష్టిలో మనవడు 'కొత్తపల్లి వీర వెంకట సత్యనారాయణ ప్రసాద్'. ఆధార్ తీయించిన రోజున కంప్యూటర్ దగ్గర కూర్చున్నతను 'వెంకట వీర సత్య ప్రసాద్' అని కొట్టాడు. పాన్ కార్డు ఇంకెవరో దరఖాస్తు పెట్టి తెప్పించారు. అందులో 'వీర' లేనే లేదు, పైగా ఇంటిపేరు స్పెల్లింగ్ Kothapalli బదులు Kottapalli అయింది. కాలేజీ నుంచి ఉద్యోగంలో చేరేదాకా ఈ తేడాలు ఎవరికీ అడ్డు రాలేదు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసే రోజు వచ్చింది.

పాస్‌పోర్టు దరఖాస్తులో ఇనీషియల్స్ ఒప్పుకోరు. ప్రతి అక్షరాన్నీ విడదీసి పూర్తి మాట రాయమంటారు. పాన్ దరఖాస్తులోనూ ఇంటిపేరు, మొదటి పేరు గడుల్లో పొడి అక్షరాలు పనికిరావు. మెమోలో ఉన్న 'కె.వి.వి.ఎస్.'ను ఏ మాటలుగా రాయాలో ఆ కుర్రాడు ఇప్పుడు తేల్చుకోవాలి.

ఇక్కడ చాలా కుటుంబాలు చేసే పని ఒకటుంది. పెద్దవాళ్లను అడిగి, అసలు పేరు ఏదో తేల్చి, దాన్నే రాసేస్తారు. భావం మంచిదే. కానీ కాగితాల లోకంలో అసలు పేరును తేల్చేది అమ్మానాన్నల జ్ఞాపకం కాదు. అన్నిటికంటే మార్చడం కష్టమైన కాగితం ఏదో, మిగతావన్నీ దాని వెంట నడవాలి. మన దగ్గర చాలామందికి ఆ కాగితం పదో తరగతి మెమో. ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం దాన్ని చూసే పేరు రాసుకుంటాయి. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మెమో ఏమంటోంది?

మెమోలో పొడి అక్షరాలే ఉంటే నిజానికి అదృష్టమే. 'కె.వి.వి.ఎస్. ప్రసాద్' అన్న మెమో వీర వెంకట అన్న వరసనూ కాదనదు, వెంకట వీరనూ కాదనదు. 'ఎస్' సత్య అయినా, సత్యనారాయణ అయినా దానికి అభ్యంతరం లేదు. అప్పుడు పూర్తి పేరున్న పాత కాగితం కోసం వెతకాలి. పుట్టినప్పటి సర్టిఫికెట్ ఉంటే అది చూడాలి. లేకపోతే చదివిన బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఏం రాశారో చూపించమని హెడ్మాస్టర్ గారిని అడగాలి. పాత రిజిస్టర్లలో తెలుగులో, చేతిరాతతో, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి ఉన్న పేర్లు కనిపిస్తుంటాయి. తండ్రి కాగితాల్లో ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎలా ఉందో కూడా పక్కన పెట్టుకోవాలి. ఈ మూడూ చూశాక ఒక్క రూపం ఖాయం చేసి తెల్లకాగితం మీద రాసుకోవాలి. ప్రసాద్ విషయంలో అది ఇలా ఉండొచ్చు:

```
Surname:    KOTHAPALLI
Given Name: VEERA VENKATA SATYA PRASAD
```

నాన్నమ్మ చెప్పే 'సత్యనారాయణ' ఇందులో 'సత్య'గా కుదించుకుపోయింది. ఆధార్‌లో 'సత్య' అనే ఉంది కాబట్టి దాన్ని కదిలించకపోవడమే మేలు. మెమోకు రెండూ సమ్మతమైనప్పుడు మార్పులు తక్కువ పడేది ఎంచుకోవాలి. ఒక రూపం ఖాయమయ్యాక మాటల మధ్య ఖాళీలతో సహా ప్రతి చోటా దాన్నే రాయాలి. ఒక చోట Satya Prasad అని విడదీసి, ఇంకో చోట Satyaprasad అని కలిపితే మనకు ఒకటే అనిపిస్తుంది గానీ కంప్యూటర్‌కు అవి రెండు పేర్లు.

మెమోలోనే పూర్తి పేరు తప్పుగా పడితే సంగతి వేరు. అప్పుడు అడ్మిషన్ రిజిస్టర్ కీలకం. రిజిస్టర్‌లో సరిగా ఉండి మెమోలో తప్పు పడితే అది రాతపొరపాటు. హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టి సరిచేయించుకునే దారి ఉంది. రిజిస్టర్‌లో కూడా అదే తప్పుంటే దాన్ని పొరపాటుగా చూడరు, పేరు మార్పుగానే చూస్తారు. అది అఫిడవిట్లు, పత్రికా ప్రకటన, గెజిట్ దాకా పోయే వ్యవహారం. వీర ముందా వెంకట ముందా అన్న దాని కోసం అంత దూరం వెళ్లడం అనవసరం. మెమోలో ఉన్న వరసనే ఒప్పుకుని మిగతా కాగితాలను దానికి కలపడం మంచిది. శుభలేఖలో, పూజలో, ఇంట్లో పెద్దవాళ్ల నోట అసలు పేరు అలాగే ఉంటుంది. ఇంటిపేరే తప్పు పడితే మాత్రం వదలకూడదు. రేపు నాన్న పేరున ఉన్న పట్టాదారు పాసుపుస్తకంలోని పొలం కొడుకు పేరు మీదికి రావాల్సినప్పుడు ఇద్దరినీ కాగితం మీద కలిపేది ఆ ఒక్క మాటే.

ఇక దిద్దుబాట్ల వరస. ముందు ఆధార్. ఇప్పుడు బ్యాంకు, సిమ్ కార్డు, పీఎఫ్ అన్నీ దాన్ని చూసే పేరు సరిపోల్చుకుంటున్నాయి. అయితే ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితకాలంలో రెండు సార్లే. తొందరపడి మొదటిసారి 'వీర' సరిచేసి, తర్వాత ఇంటిపేరు స్పెల్లింగ్ గుర్తొచ్చి రెండోసారి వాడేస్తే ఆ తర్వాత మామూలు దారి మూసుకుపోతుంది. అందుకే తెల్లకాగితం మీద రూపం ఖాయం కాకుండా ఆధార్ కేంద్రం మెట్లెక్కకూడదు. పూర్తి పేరుతో ఫొటో ఉన్న గుర్తింపు పత్రం ఒక్కటీ చేతిలో లేకపోతే, ఆధార్ సంస్థ ఇచ్చిన నమూనాలో గెజిటెడ్ అధికారి చేత ధ్రువపత్రం రాయించుకుని తీసుకెళ్లే వీలుంది. ఆధార్ సరయ్యాక పాన్, ఆ తర్వాత బ్యాంకు, పీఎఫ్. పాస్‌పోర్టు చివర్లో.

నోటరీ దగ్గర 'ఈ పేర్లన్నీ నావే, నేను ఒక్కడినే' అని రాయించే అఫిడవిట్ మీద చాలామందికి పెద్ద నమ్మకం. అది తేడా ఎందుకొచ్చిందో చెబుతుంది, అంతవరకే. దాంతో ఏ రికార్డులోనూ ఒక్క అక్షరం మారదు. ఒక ఆఫీసులో చెల్లిన అఫిడవిట్‌ను పక్క ఆఫీసు తిప్పి పంపవచ్చు. అత్యవసరంలో వాడుకోవచ్చు గానీ దాని మీద ఏళ్ల తరబడి నెట్టుకురావడం ప్రమాదం.

ఇంటిపేరు ఏ గడిలో రాయాలన్నది ఇంకో చిక్కు. మనం ఇంటిపేరు ముందు చెబుతాం. ఇంగ్లీషు ఫారాలు దాన్ని చివరి పేరు అంటాయి. అందుకని కొందరు పేరులో చివరి మాటను, అంటే 'ప్రసాద్'ను, సర్‌నేమ్ గడిలో రాసేస్తారు. అప్పుడు అమెరికాలో అతను మిస్టర్ ప్రసాద్ అవుతాడు, పిల్లల ఇంటిపేరు కూడా ప్రసాదే అవుతుంది. అన్న పాస్‌పోర్టులో ప్రసాద్, తమ్ముడి పాస్‌పోర్టులో కొత్తపల్లి ఉంటే, ఒకరికొకరు వీసా కాగితాలు పెట్టుకునేటప్పుడు ఒకే అమ్మ కడుపున పుట్టామని వేరే పత్రాలతో చూపించాల్సి వస్తుంది. ఇంకొందరు గొడవెందుకని ఆ గడినే ఖాళీగా వదిలేస్తారు. అదీ మంచిది కాదు. అమెరికా వీసాలో అలాంటివారికి మొదటి పేరు స్థానంలో FNU అని పడుతుంది, మొదటి పేరు తెలియదని దాని అర్థం. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవారిని సందర్శక వీసాల మీద అనుమతించబోమని యు.ఎ.ఇ. 2022 నవంబరులో ప్రకటించింది. గల్ఫ్ దారి పట్టేవారు ఎక్కువగా ఉన్న కోనసీమ, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో ఈ సంగతి తెలియడం అవసరం.

పెళ్లయిన ఆడపిల్లలకు ఇంకో మడత పేచీ. మెమోలో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి తర్వాత మార్చిన ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. మొదటి పొడి అక్షరమే మారిపోతుంది. పెళ్లయినంత మాత్రాన ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. చదువు, ఉద్యోగం మెమో పేరుతో నడుస్తున్నవారు దాన్నే ఉంచుకుంటే వివాహ నమోదు పత్రం ఒక్కటి దగ్గర పెట్టుకోవడంతో పని జరిగిపోతుంది.

ఈ బాధలన్నీ తప్పించగల సందర్భాలు ప్రతి పిల్లవాడి జీవితంలో రెండుంటాయి. ఒకటి పుట్టుక నమోదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి జనన ధ్రువపత్రమే బడికీ పాస్‌పోర్టుకూ ఆధారం. నమోదు నాటికి పేరు పెట్టకపోతే ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చవచ్చు. అక్కడ ఒక్క పొడి అక్షరం కూడా లేకుండా పూర్తి పేరు రాయించాలి. రెండోది పదో తరగతి. పరీక్షలకు ముందు బడిలో నామినల్ రోల్స్ తయారుచేస్తారు, మెమో మీద పడే పేరు అదే. మీ ఇంట్లో ఈ ఏడాది పదో తరగతి చదివే పిల్లలుంటే, ఆ జాబితా మీద పిల్లవాడి చేత సంతకం పెట్టించే ముందు జనన ధ్రువపత్రం, తండ్రి ఆధార్ పట్టుకుని బడికి వెళ్లండి. ఇంగ్లీషులో ఉన్న పేరును ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదవండి.